దస్తీ వేసిన సీటు

కల్వకుర్తి డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరుగా చేసిన పరశురాం, రిటైరైన ఏడాదికి డ్రైవరయ్యాడు. నవ్వకండి. డ్రైవరు కావాలన్నది అతని చిన్ననాటి కోరిక. కంటి పరీక్షలో ఎరుపూ ఆకుపచ్చా అతనికి ఒకేలా కనబడుతున్నాయని తేలడంతో, స్టీరింగుకు బదులు టికెట్ల సంచీ చేతికిచ్చారు. ఆ సంచీతోనే పద్దెనిమిదేళ్లు మల్లప్ప అనే డ్రైవరు వెంట హైదరాబాదుకు తిరిగాడు. "అన్నా, డిపోల పెట్టేటప్పుడన్న ఒక్కసారి తిప్పనియ్యరాదే" అని ఎన్నిసార్లు బతిమాలినా మల్లప్పది ఒకటే జవాబు: "నువ్ రైట్ రైట్ అను, చాలు."

ఆ కోరిక కూతురు గ్లోరీ తీర్చింది. షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో చేస్తుంది. తన పాత లాప్‌టాప్‌లో బస్సు నడిపే ఆట ఒకటి తెరిచి తండ్రి ముందు పెట్టింది.

"గంత పెద్ద ఆట గీ డొక్కు దాంట్ల ఎట్ల నడుస్తది బిడ్డా?"

"ఆట గీంట్ల నడ్వది బాపు. యాడనో పెద్ద కంప్యూటర్ల నడుస్తది. బొమ్మ మనకొస్తది, నువ్వొత్తిన బటన్ గాడికి పోతది. కాకపోతే ఇది ఫ్రీ ప్లాను. లైన్ల నిలవడాలె, గంట కాంగనే దింపేస్తరు."

తెర మీద 'మీ ముందు 143 మంది ఉన్నారు' అని పడింది. పరశురాంకు ప్రాణం లేచొచ్చింది. లైను అంటే అతనికి సొంతిల్లు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, అంకె ఒక్కొక్కటే తగ్గుతుంటే తృప్తిగా చూశాడు. తన వంతు వచ్చింది, బస్సు కదిలింది. సిగ్నల్లో రంగు తెలియకపోతేనేం, పై లైటంటే ఆగడం, కింది లైటంటే పోవడం అని చూసుకుని నడిపాడు. ఇరవై మూడు మంది ఎక్కారు. ఆ రూటు చివరి స్టాపుకు డెబ్బై ఐదు నిమిషాలు. అరవయ్యో నిమిషంలో, సరిగ్గా ఫ్లైఓవరు మీద, 'మీ సమయం ముగిసింది' అని బస్సు మాయమైంది. మధ్యలో ఆగిన ట్రిప్పు ఆటలో లెక్కకు రాదట. మళ్లీ లైన్లో నిలబడితే మొదటి స్టాపు నుంచే మొదలు.

ఆ పూట అతనికి అన్నం సహించలేదు. సర్వీసులో ఒక్కసారి కడ్తాల్ దగ్గర బస్సు ఆగిపోతే, చివరి ముసలమ్మను ఇంకో బస్సెక్కించేదాకా రోడ్డు మీద నుంచి కదలని మనిషి!

"అవి బొమ్మలయ్యా" అంది భార్య బిక్షమ్మ.

"బొమ్మలైతేంది? టికెట్ కొన్నరు గదనే!"

ఆదివారం గ్లోరీ ప్లాన్లన్నీ వివరించింది. పరశురాం వాటిని తన భాషలోకి మార్చుకున్నాడు. ఫ్రీది పల్లెవెలుగు: లైన్లో అందరికన్నా వెనక, గంటే ప్రయాణం, బొమ్మ కొంచెం మసక. నడిమిది ఎక్స్‌ప్రెస్: లైన్లో ముందు, ఆరు గంటలు దించరు, బొమ్మ తేట. పైది గరుడ: అందరికన్నా ముందు, ఎనిమిది గంటలు, అద్దంలాంటి బొమ్మ. గరుడ సంగతి ఇంటర్నెట్టు వైరు వేసే యాదగిరిని అడిగితే ఖరాఖండిగా చెప్పాడు. "ఆళ్లు ఎంత తేట బొమ్మ పంపినా నీ లాప్‌టాప్ తెర చూపెట్టేది గంతే కాకా. ఉత్తగ పైసలు దండుగ."

ఎక్స్‌ప్రెస్‌కు మాత్రం పరశురాం ససేమిరా అన్నాడు. "లైన్ల నిలవడ్డోన్ని ఇడ్సి పైసలిచ్చినోన్ని ముందు ఎక్కిస్తరా? నా సర్వీసుల గట్ల జేస్తె సస్పెండ్ జేద్దురు." అదొక్కటే కాదు, అతనికి మొండిపట్టు కూడా ఉంది. స్టాపులు బట్టీ పట్టి, డెబ్బై ఐదు నిమిషాల రూటును అరవై రెండుకు తెచ్చాడు. ఇంకో రెండు నిమిషాలు తగ్గిస్తే గంటలో పడుతుంది, అంతే.

అంతలో మల్లప్ప ఫోను చేశాడు. రిటైరై ఆత్మకూర్‌లో ఉంటున్న మల్లప్పకు, తాను బస్సు నడుపుతున్నానని పరశురాం అప్పటికే పదిసార్లు గొప్పలు పోయాడు. "బేస్తారం కల్వకుర్తిల పెండ్లికొస్తున్న. పెండ్లి కన్న ముందు నీ బస్సు జూస్త. ఆఖరి స్టాపు దాక దించితెనే డ్రైవర్వి. నడిమిట్ల దించితె, నీ కన్ను జూసి సంచీ ఇచ్చిన డాక్టరే కరెక్టు" అన్నాడు మల్లప్ప. ఆ మాట పరశురాం గుండెల్లో గుచ్చుకుంది.

గురువారం పొద్దున ఎనిమిదింటికే లైనులో చేరాడు. మల్లప్ప బస్సు పదింటికి. లెక్క ప్రకారం వంతు కూడా పదింటికే రావాలి. కానీ పొద్దున పూట ఆడేవాళ్లు తక్కువ. తొమ్మిదిన్నరకే వంతు వచ్చి, తెర మీద బస్సు తలుపు తెరుచుకుంది. ఏం చేయాలి? వచ్చిన సీటును వదులుకోవడమా? పరశురాం బుర్రలో కండక్టరు మేల్కొన్నాడు. బస్సు కదిలాకే గంట లెక్క మొదలవుతుందనుకుని, దాన్ని మొదటి స్టాపులోనే ఆపి ఉంచి, జేబులోంచి దస్తీ తీసి కుర్చీ మీద పరిచాడు. కిటికీలోంచి విసిరిన దస్తీకి ఏ బస్సులోనైనా మర్యాద ఉంటుంది. దాని మీద ఎవరూ కూర్చోరు. "బిక్షమ్మా, గా కుర్చీ ఎవ్వలు ముట్టొద్దు" అని చెప్పి బస్టాండుకు నడిచాడు.

మల్లప్పను వెంటబెట్టుకుని వచ్చేసరికి దస్తీ ఎక్కడిదక్కడే ఉంది. బస్సే లేదు. 'చాలాసేపు మీ నుంచి కదలిక లేనందున ఆట ముగించబడింది' అని తెర. మళ్లీ నొక్కితే, మీ ముందు 96 మంది.

మల్లప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "దస్తీ ఉన్నది గని బస్సే వాయె! గీ సిత్రం నా సర్వీసుల సూడలే." పరశురాంకు నవ్వు రాలేదు. ఏడుపు ఒక్కటే తక్కువ. పన్నెండింటికి పెళ్లి, ఆ తర్వాత మల్లప్ప వెళ్లిపోతాడు, పోతూ పోతూ ఆ డాక్టరు మాటే మళ్లీ అంటాడు. పక్కకు వెళ్లి గ్లోరీకి ఫోను చేశాడు.

"బాపు, ఒక్క దినానికి పాస్ ఉంటది. తీస్కుంట, లైన్ల ముందుకు పోతవు."

"లైను దాటుడు తప్పు గద బిడ్డా!"

"రిజర్వేషన్ ఉన్నోళ్లను నువ్ ముందు ఎక్కియ్యలేదా? గది తప్పయితె గిది తప్పు. దస్తీలు ఏసుడు బంద్ జేసి రిజర్వేషన్ జేయించుకో."

రిజర్వేషన్ చార్టు చూసి పరశురాం ఎంతమందిని ముందు ఎక్కించాడో! కూతురు తన ఫోన్లోంచే డే పాస్ కొన్నది. ఆట మూసి మళ్లీ తెరిస్తే ముందు నలుగురే. రెండు నిమిషాల్లో బస్సు వచ్చింది, స్టాపు బోర్డు మీది అక్షరాలు కూడా చదవొచ్చు.

"స్టీరింగేదిరా?" అన్నాడు మల్లప్ప.

"గీ నాలుగు బటన్లేనే."

దారి పొడవునా మల్లప్ప కాలు నేల మీద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఇప్పుడు తొందర లేదు కాబట్టి పరశురాం పద్ధతిగా నడిపాడు. అరవయ్యో నిమిషం ఫ్లైఓవరు మీదే వచ్చింది. అలవాటుగా కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి బస్సు ఇంకా ఉంది, ఈసారి ఎక్కిన ఇరవై ఆరు మందీ ఇంకా ఉన్నారు. డెబ్బై ఎనిమిదో నిమిషంలో ఆఖరి స్టాపులో తలుపు తెరిచి, దిగుతున్న వాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఆరూ దిగారు. పరశురాం ముఖం తుడుచుకోవడానికి దస్తీ తీశాడు. చెమట మాత్రమే కాదది.

మల్లప్ప బ్రేకు తొక్కీ తొక్కీ అలసిన కాలు చాపుకున్నాడు. "బ్రేకు జర ముందే కొట్టాలెరా, డ్రైవరూ" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకు పరశురాం పొంగిపోయాడు.

"చాయ్ తెస్తనన్నా. పాసుకు ఇంకా గంటలున్నయి గని, చెయ్యి కదలకుంటె సీటు పోతది. జర కూసోని బటన్లు కదుపుతుండు." అలా మల్లప్పనే దస్తీగా పరిచి వంటింట్లోకి వెళ్లాడు.

రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి తెర మీద ఆఖరి స్టాపు లేదు, బస్సు రోడ్డెక్కింది. మల్లప్ప నాలుక బయటపెట్టి, ముందుకు వంగి, రిటర్న్ ట్రిప్పు కొట్టేస్తున్నాడు.

"ఓ అన్నా, ఒక్కసారి నాకియ్యరాదే!"

మల్లప్ప తల తిప్పలేదు. పరశురాం గ్లాసులు కింద పెట్టి, కుర్చీ వెనక నిలబడి, పైన లేని కమ్మీ కోసం ఒక చెయ్యెత్తాడు. తర్వాతి స్టాపులో తలుపు మూసుకోగానే అతని నోరు దానంతటదే తెరుచుకుంది.

"రైట్... రైట్!"