ఆరు పండ్లు, నాలుగు కాయలు

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయిన అయ్యవారిని. పేరు ముద్దుకృష్ణ. శాతాల లెక్క తప్పిన పిల్లల వీపులు ఎన్నిసార్లు విమానం మోత మోగించానో నాకే తెలియదు. అలాంటి నాకు శాతమంటే ఏమిటో నేర్పింది కురబలకోట అమ్మాయి ఆదిలక్ష్మి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆదిలక్ష్మి నాయన గొర్రెలు మేపేవాడు. ఆమె రోజూ బస్సులో మదనపల్లెకు వచ్చి బీకాం చదివింది, ఆ తర్వాత గిరిబాబు షేర్ల ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. నెలకు రెండువేల రెండువందల జీతం. మాలాంటి కస్టమర్లు చెప్పింది కంప్యూటర్లో కొనడం, అమ్మడం ఆమె పని. సలహా చెప్పడం ఆమె పని కాదని గిరిబాబు మొదటిరోజే చెప్పాడట. ఎన్ని లాట్లు తిరిగితే అతనికి అంత కమీషన్ మరి. లాటంటే షేర్ల సూచీ నిఫ్టీలు రెండువందలు కలిపిన కట్ట, నలభై వేలు బయానా కడితే ఒకటి వస్తుంది, నిఫ్టీ ఒక్క అంకె దిగితే రెండువందలు పోతాయి.

ఆ ఆఫీసులో వెనక బెంచీ నాది. పెన్షన్ డబ్బుతో చిల్లర వ్యాపారం చేసేవాణ్ణి. ముందు కుర్చీ దేవరాజులుది. టమోటా మార్కెట్లో మండీ ఉన్నవాడు, గొంతు ఎత్తితే వీధి చివరికి వినిపిస్తుంది. నాలుగు లక్షలతో అకౌంటు తెరిచి, 2004 మే నెల వచ్చేసరికి దాన్ని రెండు లక్షలు చేశాడు. ఆ రెండు లక్షలే సీజన్లో రైతులకు అడ్వాన్సులివ్వడానికి అతని దగ్గర మిగిలిన డబ్బు. అదీ పోతే మండీకి తాళమే.

కానీ మనిషి కొంచెం కూడా బెదరలేదు. దానికీ ఒక కారణముంది. టమోటా వాళ్లకు ఒక అలవాటు. మద్రాసుకు పంపిన లోడులో నష్టమొస్తే తర్వాత రెండు లోడ్లు పంపుతారు. నలభై రూపాయలున్న బాక్సు పదిహేను రోజుల్లో నూటఅరవై కావడం వాళ్లు కళ్లారా చూసినదే. సగం పోవడం, రెట్టింపు కావడం అక్కడ మామూలు. ఆ ధైర్యాన్నే అతను ఇక్కడికీ మోసుకొచ్చాడు.

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, శుక్రవారం, మార్కెట్ దబదబా పడింది. నిఫ్టీ పదిహేను వందల ఎనభై దగ్గరికి దిగింది. దేవరాజులు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పాపా, ఇంత పడినాక లేయకుండా యాడికి పోతాది? ఐదు లాట్లు కొను. రెండు లచ్చలకు ఐదు వస్తాయి గదా!"

"వస్తాయి అన్నా. యాల ఐదు?"

"యాభై శాతం పోయింది. యాభై శాతం సంపాదిస్తే సరి, లెక్క తీరిపోతాది."

నేనూ వెనకనుంచి తలూపాను. లెక్కల అయ్యవారిని కదా!

ఆదిలక్ష్మి మౌస్ మీద చెయ్యి తీసేసింది. "రెండు లచ్చల్లో యాభై శాతమెంతన్నా?"

"లచ్చ."

"అంటే మూడే గదా అయ్యేది. నాలుగు యాడొచ్చింది?"

నేను నాలుక కరుచుకున్నాను. పోయింది నాలుగు లక్షల్లో సగం. రావాల్సింది రెండు లక్షల మీద. ఉన్నది మొత్తం రెట్టింపు కావాలి, అంటే నూరు శాతం. పదోవంతు పోతే పదకొండు శాతంతో లేవచ్చు. సగం పోతే నూరు. ముప్పాతిక పోతే మూడువందలు. గుంత లోతయ్యేకొద్దీ నిచ్చెన అంతకు రెండింతలు, నాలుగింతలు పొడవవుతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదంటే నామీద నాకే ఒళ్లు మండింది.

"అందుకేమ్మా ఐదు లాట్లు! పెద్దగా రావల్లంటే పెద్దగానే ఎయ్యాల. పదిసార్లలో ఆరుసార్లు నా మాట నిజమయితాది, సూసినావు గదా!" అన్నాడు దేవరాజులు.

ఆ రోజు అతను ఇంటికని తెచ్చుకున్న టమోటాల సంచీలోంచి ఆమె ఆరు ఎర్రటి పండ్లు, నాలుగు పచ్చికాయలు ఏరి వేరే కవర్లో వేసింది. "సూడకుండా ఒక్కోటి తియ్యి. పండొస్తే పందెమంత లాభం, కాయొస్తే పందెమంత నష్టం. ప్రతిసారీ ఉండేదాంట్లో సగం పందెం. అయ్యోరూ, మీరు రాయండి."

నేను రాశాను. పది తీసేసరికి రెండు లక్షలు కాస్తా లక్షా నలభైరెండు వేలయింది. ఆరుసార్లు గెలిచి యాభై ఎనిమిది వేలు పోయాయి! దేవరాజులు నేను కూడిక తప్పానన్నాడు. మళ్లీ తీశాడు. వరస మారింది, చివరి అంకె మారలేదు. మూడోసారీ అంతే. పందేన్ని పదోవంతుకు తగ్గించి లెక్కవేస్తే, అవే పండ్లకు, అవే కాయలకు రెండు లక్షల ముప్పైరెండు వేలు తేలింది.

"కాయలు నాలుగూ ముందే వచ్చినాయనుకో," అంది ఆదిలక్ష్మి. "సగం సగం వేస్తే నీకు మిగిలేది పన్నెండువేల ఐదువందలు. దానికి ఒక్క లాటు గూడా రాదు. కవర్లో ఆరు పండ్లూ అట్లనే ఉండాయి, తీసేదానికి నువ్వు లేవు. పదోవంతయితే లచ్చా ముప్పై ఒక వెయ్యి ఉంటాది, ఇంకా ఆటలో ఉంటావు. ఇప్పుడు నువ్వు సగం గూడా కాదు, మొత్తం పెడతా ఉండావు."

లోపలి గదిలోంచి గిరిబాబు కేకేశాడు. "ఏం పాపా, కస్టమర్ చెప్పింది చెయ్యవా? ఉద్యోగం కావాల్నా వద్దా?"

ఆమె లేచి నిలబడింది. "ఆయన నోటితో ఐదంటే ఇప్పుడే కొట్టేస్తాను సార్."

దేవరాజులు బల్లమీది పచ్చికాయలు నాలుగూ ఒక్కొక్కటే కవర్లోకి వేశాడు. చివరికి అతని నోట్లోంచి వచ్చిన మాట "ఒకటి". అంత చిన్న గొంతుతో అతను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

సోమవారం ఏం జరిగిందో షేర్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే మార్కెట్ కుప్పకూలింది. వ్యాపారం రెండుసార్లు ఆపేశారు. నష్టం ఇంతలో ఆగాలని పెట్టిన ధరకు కొనేవాడే దొరకలేదు. పదమూడు వందల తొంభై దగ్గర బయటపడేసరికి ఒక్క లాటుకే ముప్పై ఎనిమిది వేలు పోయాయి. ఐదయి ఉంటే లక్షా తొంభై వేలు. మధ్యలో ఇంకా లోతుకు దిగినప్పుడే అమ్ముడుపోయి ఉంటే, ఉన్నది ఊడ్చుకుపోయి పైన అప్పు కూడా మిగిలేది. ఆ రోజు మా బెంచీలో ఇద్దరు లేచి వెళ్లి మళ్లీ రాలేదు. దేవరాజులు మాత్రం కాగితం మీద లక్షా అరవైరెండు వేలని రాసుకుని, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉండాను గదమ్మా!" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

అక్కడినుంచి నత్తనడక. ఒకసారికి పోయేది ఉన్నదాంట్లో పదోవంతు దాటకూడదని ఆదిలక్ష్మి గీత గీసింది. బుద్ధి ఒకరోజులో రాదు కదా, రెండు వారాలకోసారి దేవరాజులు "రెండు లాట్లమ్మా, ఈ ఒక్కసారే" అని బతిమాలేవాడు. ఆమె మాటకు మాట చెప్పకుండా కాలిక్యులేటర్ అతని ముందుకు నెట్టేది. అతను గొణుక్కుంటూ కూర్చునేవాడు. 2006 మేలో మార్కెట్ మళ్లీ కూలింది. ఆ నెలంతా కలిపి అతనికి పోయింది పన్నెండు శాతమే. లేవడానికి పద్నాలుగు చాలు. రెండు నెలల్లో లేచాడు.

ఆ సెప్టెంబరులో ఒక పొద్దున నేను మండీలోనే ఉన్నాను. బాక్సుల వేలం జోరుగా సాగుతోంది. దేవరాజులు ఫోను మోగింది. అవతల ఆదిలక్ష్మి. ఆమె చెప్పింది వినగానే అతను బాక్సుల మీదికెక్కి "నాలుగు లచ్చలా మూడువందల పది!" అని ఒక్క కేక పెట్టాడు. అది బాక్సు ధరేమోననుకుని పలమనేరు వ్యాపారి బిత్తరపోయాడు. వేలం ఆగిపోయింది. ఆ సీజన్ అడ్వాన్సులు తీసుకున్న రైతులంతా చుట్టూ చేరి నవ్వారు.

అక్కడినుంచి నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని నేరుగా ఆఫీసుకు వచ్చాడు. అతను గిరిబాబు ముందున్న బల్లమీద చెయ్యి చరిచాడు.

"ఈ పాపకు జీతం పెంచు. లేకుంటే నా అకౌంటు ఈడ ఉండదు."

గిరిబాబు తల గోక్కున్నాడు. ఆదిలక్ష్మి నవ్వింది. "అన్నా, నేను పోతా ఉండాను. పుంగనూరులో సొంతంగా ఆఫీసు పెడతా ఉండాను. వచ్చే సోమవారమే."

దేవరాజులు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అయితే మొదటి అకౌంటు నాది రాసుకో. అయ్యోరూ, మీది రెండోది."