కొట్టేసిన లైను

అదీబ్‌కు ఒక్కచోట కూర్చోబుద్ధి కాదు. హెర్నియా ఆపరేషనై కుట్లు తీసి రెండ్రోజులే అయింది, దగ్గొస్తే పొత్తికడుపు అదిమి పట్టుకుంటుండు. అయినా అర్జీ ఎవరి చేతికో ఇచ్చి పంపితే నమ్మకమేందని, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి, శామీర్‌పేట నుంచి జీడిమెట్ల ఫ్యాక్టరీకి తనే బయల్దేరిండు. "జర ఆగరాదు! ఇంట్ల కాలు నిలువదు నీకు," అని భార్య మజీదా మొత్తుకున్నా వినలే.

అర్జీలో అడిగినవి రెండే. నెల రోజుల మెడికల్ లీవు, తర్వాత మూడు నెలలు బరువులెత్తని తేలిక పని.

మేనేజర్ శేషగిరిరావు లీవుకు సంతకం పెట్టిండు. రెండో లైను మాత్రం ఎర్రపెన్నుతో కొట్టేసిండు.

"నువ్వు స్టోర్ క్లర్కువయ్యా. నీకు బరువు పనేముంది? పెన్ను బరువా?"

అదీబ్‌కు ఒళ్లు మండింది. హమాలీలు లేటైతే పదేండ్ల నుంచి బస్తాలు దించుతున్నది ఎవరు? మొదట్ల ఎవరూ చెప్పలే, లారీ ఊకె నిలబడితే చూడలేక తనే భుజం పెట్టిండు. తర్వాత అదే అలవాటైపోయింది, అందరికీ.

అంతలో గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. రావు కిటికీలోంచి తొంగిచూసిండు.

"హమాలీలు ఇంకా రాలేదే! అదీబ్, ఎలాగూ వచ్చావుగా, ఆ నాలుగు బస్తాలు..."

అంటుండగనే రావు చూపు తను కొట్టేసిన ఎర్రగీత మీద పడింది.

అదీబ్ అర్జీని ఆయన ముందుకు జరిపిండు. "సార్, గా లైను మళ్ల రాయుండ్రి. మీ చేతితోనే."