పక్క గడిలో నేను రాసిన వాక్యం

నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన మా ఆఫీసు. కొయ్యూరు కొండ ఊళ్లలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే కేంద్రాలు నడిపే చిన్న సంస్థ మాది. నిధులిచ్చేవాళ్లు అడిగిన లాగ్‌ఫ్రేమ్ తయారు చేసింది నేనే. ఆ సంగతి ఎవరిమీదికైనా నెట్టేద్దామన్నా కుదరదు, ఫైలు మీద సంతకం నాది.

లాగ్‌ఫ్రేమ్ అంటే గళ్ల పట్టిక. అన్నిటికంటే పైన లక్ష్యం: కొండ పిల్లలు ప్రాథమిక విద్య పూర్తిచేయడం. దాని కింద ఫలితం: మా పిల్లలు రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవడం. ఆ కింద ఔట్‌పుట్: కేంద్రాలు సక్రమంగా నడవడం. ప్రతిదానికీ పక్కన కొలిచే సూచిక, దానికి ఆధారం, చివర్లో అసంప్షన్, అంటే మన చేతిలో లేకపోయినా నిజం కావలసిన షరతు. కింది గడి నిండి, పక్కనున్న షరతు కూడా నిలబడితేనే పై గడికి చేరతాం. ఔట్‌పుట్‌కు సూచికగా 'కేంద్రంలో నెలనెలా నూటికి ఎనభై మంది హాజరు' అని, ఆధారంగా 'కేంద్రం హాజరు పట్టీ' అని రాశాను. చివరి గడి దగ్గర ఆగిపోయాను. సాయంత్రంలోగా పంపాలి. మైదానంలోని ఎస్.రాయవరం వైపు ఊళ్లకు అంతకుముందు చేసిన పట్టిక తెరిచి, 'తల్లిదండ్రులు ఏడాది పొడవునా పిల్లల్ని కేంద్రానికి పంపుతారు' అన్న వాక్యాన్ని తీసి ఇందులో అతికించాను. నాకు సిగ్గు లేకపోయింది. టీ తాగడానికి వెళ్లిపోయాను.

మార్చి చివర్లో ఒక కేంద్రానికి వెళితే తాళం వేసి ఉంది. ఊరే సగం ఖాళీ. ఒక ముసలామె చెయ్యి చాపి కొండవాలు చూపించింది. జీడిమామిడి తోటలో, పిక్కలు ఏరే తల్లుల పక్కన, మా వాలంటీరు నల్లబల్లను కొమ్మకు ఆనించి పాఠం చెబుతోంది. ఆ ఊరి కోడలు, ఇంటర్ చదివింది. ఒక పిల్ల నన్ను చూసి కూడా ఆగకుండా పేజీ మొత్తం చదివేసింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. వెంటనే హాజరు పట్టీ అడిగాను.

"అది సెంటర్లో బీరువాలో ఉంది మేడమ్. పిక్కలకొచ్చి రెండు నెల్లయింది, ఇక్కడికి తేలేదు. ఇక్కడ చదివినోళ్లని సెంటర్‌కి వొచ్చినట్టు ఏల రాత్తాను?" అంది.

"వచ్చినట్టే కదమ్మా. రెండు నెలలవీ నింపేయ్."

"ఏటి మేడమ్, ట్రైనింగ్‌లో మీరే సెప్పారు కదా, కళ్లతో సూడంది పట్టీలో రాయొద్దని. సెంటర్లో ఎవులూ లేరు, నేనూ లేను."

నా పాఠం నాకే అప్పజెప్పింది. కోపం వచ్చింది. ఆమె మీద కాదని అప్పుడు నాకు తెలియలేదు, గొంతు పెంచాను. ఆమె తల దించుకుని చేతికంటిన సుద్ద తుడుచుకుంది గానీ ఒప్పుకోలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి మా డైరెక్టరు గారికి అంతా చెప్పాను. పిల్లలు చదువుతున్నారు, నా చెవులతో విన్నాను అన్నాను.

"చదవడం పై గడి అమ్మా, దాన్ని ఏడాది చివర పరీక్షతో కొలుస్తారు. ఇప్పుడు నిధులిచ్చేవాళ్లు అడుగుతున్నది కింది గడి. వరసగా రెండు నెలలు హాజరు తగ్గితే ఆ కేంద్రం నిధుల జాబితాలోంచి పోతుంది. మీరు చదివే కదా సంతకం పెట్టారు!"

"సూచిక మారుద్దామండి. తోటలో హాజరు కూడా లెక్కలోకి వచ్చేలా."

"మధ్యంతర సమీక్షలోనే మారుస్తారు. అది వానల తర్వాత."

ఎటు తిరిగినా గోడే. అబద్ధం రాయిస్తే కేంద్రం బతుకుతుంది, ఆమె ఒప్పుకోదు. నిజం రాస్తే కేంద్రం పోతుంది. పిక్కల రోజుల్లో కొండ మీద ఎవరూ ఊళ్లో ఉండరని అక్కడ పసిపిల్లను అడిగినా చెబుతుంది. నేను మా వాలంటీరునొక్కసారి అడిగి ఉంటే, నిలబడదని ముందే తెలిసిన షరతును పక్క గడిలో పెట్టేదాన్నే కాదు. తోటల్లో బడి నడపడమే ఒక ఔట్‌పుట్‌గా రాసేదాన్ని. అడగలేదు. నివేదికలో పిల్లలు కేంద్రానికి రాలేదని, 'అసంప్షన్ నిలవలేదు' అని రాసి పంపాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఆ కేంద్రాన్ని తీసేశారు.

ఆ మాట ఆమెకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆమె వెనకాల పిల్లలు వల్లెవేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"అయితే మా పిల్లలు సదవలేదని రాసేసారా మేడమ్?"

"లేదమ్మా. రాలేదని రాశాను."

"ఆళ్లు ఎక్కడికి రావాల? నేనే ఆళ్ల కాడికి ఎల్లాను కదా" అంది.

అది రాయడానికి నా పట్టికలో గడి లేదు. ఆ పట్టిక గీసింది నేనే అని ఆమెకు చెప్పడానికి నోరు రాక, సిగ్నల్ సరిగ్గా లేదని ఫోన్ పెట్టేశాను.