ముక్కాలడుగు కోసం రాసిన ఉత్తరం

నేను చదివింది మూడో తరగతి. ఆ చదువుతో ఇన్నేళ్ళూ రేషన్ కార్డు చూసుకున్నాను, బస్సు బోర్డు చదువుకున్నాను, అంతకు మించి అవసరం రాలేదు. ఉత్తరమనేది రాసింది ఈ వయసులోనే, అదీ గోడ అవతలి మనిషికి. పిలిస్తే పలికేవాళ్ళకు ఉత్తరమేమిటని మా కోడలు నవ్వింది. రెండు రోజుల పాటు మేము పిలుచుకున్న పిలుపులు వీధి చివరి దాకా వినబడ్డాయి. అందుకే రాయాల్సి వచ్చింది.

పుంగనూరులో మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకటే గోడ. మా మామా, పక్కింటాయన తండ్రీ ఒకే ఆసామి దగ్గర ఒకే రోజు పక్కపక్క స్థలాలు కొని, కలిసి కట్టిన రాతి గోడ. అడుగున్నర మందం. పోయిన వానలకు నడిమిలో ఉబ్బి, ఇవాళో రేపో కూలేటట్టు తయారైంది. పక్కింటాయన బస్సు డ్రైవరుగా రిటైరైనవాడు, ఊరికే కూర్చోలేడు. దాన్ని పడగొట్టి ఇటుక గోడ కడదామన్నాడు. చెరి సగం పెట్టుకుందామని నేనూ సరే అన్నాను. మరునాడు పాలకు పోయి వచ్చేసరికి, మా సందులో, గోడకు ముక్కాలడుగు ఇవతల తెల్లగా సున్నపు గీత ఉంది. ఆయన, మేస్త్రి గోడ పక్కన నిలబడి ఉన్నారు.

"ఏమప్పా, మా ఇంట్లో ముగ్గేసినావు?"

"ముగ్గు కాదక్కా, హద్దు. టేపు పట్టి కొలిసినాము. నా స్థలం ముప్పై అడుగులుండాల. ముక్కాలడుగు తక్కువుండాది. అది మీ పక్కకి పోయుండాది."

"పోయేదానికి దానికేమన్నా కాళ్ళుండాయా?"

"దానికి లేవు, మీ మామకుండె కదా."

"సచ్చిపోయినోళ్ళను యాల లాగుతావప్పా!"

మా సందు మూడడుగులు. కోడలి స్కూటరు ఆ సందులోనే పెరట్లోకి పోవాలి. ముక్కాలడుగు తగ్గితే హ్యాండిల్ పట్టదు, బండి వీధిలో ఎండకూ వానకూ నిలబడాలి. ఆ పిల్ల దానిమీదే రోజూ పనికి పోతుంది. నేను కదలనన్నాను. ఆయన సోమవారం గోడ కొట్టేస్తానన్నాడు.

కుప్పంలో ఉద్యోగం చేసే నా కొడుక్కి ఫోన్ చేశాను.

"అమ్మా, మదనపల్లెలో మనకు తెలిసిన వకీలుండాడు. నోటీసు ఇప్పిస్తాను, నువ్వు గమ్మనుండు."

"నోటీసు పంపినాక ఆ ఇంటికి పెరుగుతోడుకి యా మొగంతో పోయేదిరా?"

"తోడు అంగట్లో దొరకదా?"

"ప్యాకెట్టు పెరుగుతో తోడేసే గతి మనకింకా పట్టలేదు. ఫోను పెట్టు, నీ చార్జింగు దండగ."

పోయిన నెల క్యాలెండరు కాగితం దాచి ఉంచాను, అచ్చు లేని కాగితం ముక్క మా ఇంట్లో పారేయం. దాని అడుగున అచ్చు పడని వెడల్పాటి అంచు కత్తిరించాను, రెండు వైపులా ఖాళీయే. దాని మీద రాశాను: 'అయ్యా డ్రైవరూ, నువ్వు ఇన్నేళ్ళు బస్సు రోడ్డు మీదనే నడిపినావా, పక్కనోళ్ళ చేలల్లో నడిపినావా?' ఇట్లా పది వరుసలు. కోడలికి చదివి వినిపించాను.

"అత్తా, ఇది ఉత్తరం కాదు, శాపనార్థాలు. మీరు చదివినంత సేపూ ఆయన కొలత ఎంతో, మన కొలత ఎంతో ఒక్క మాట లేదు."

"మన కొలత ఎంత?"

"మీకే తెలీకుండా రాసినారా?"

ఆ మాట తగిలింది. టేపు ఆ చివర తను పట్టుకుంది, ఈ చివర నేను. పడమటి హద్దు రాయి నుంచి గోడ దాకా. రెండుసార్లు కొలిచాం. ముప్పై అడుగులు రావాల్సింది, మాకూ ముక్కాలడుగు తక్కువే వచ్చింది!

"మనదీ పోయిందే! ఎవురు తిన్యారు?" అన్నాను.

పెట్టెలోంచి దస్తావేజు తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. తూర్పు హద్దు దగ్గర 'ఉమ్మడి గోడ నడిమి వరకు' అని ఉంది. నడిమి వరకు! మేమిద్దరమూ గోడ ముఖం దాకానే కొలిచాం. ఆయన ముక్కాలడుగు, మా ముక్కాలడుగు కలిపితే అడుగున్నర. అది ఎవరూ తినలేదు. ఇన్నేళ్ళుగా గోడ కిందే పడుకొని ఉంది.

రాసిన పది వరుసల మీద అడ్డంగా ఒక గీత కొట్టి, కాగితం తిప్పి, మళ్ళీ మొదలుపెట్టాను.

'పక్కింటి తమ్మునికి. మన గోడ పాతదైంది, కొత్తది కట్టాలనే మాట నిజం. మీ కొలతలో ముక్కాలడుగు తక్కువని చెప్పినారు. మేమూ కొలిచినాము, మాకూ అంతే తక్కువ. మా దస్తావేజులో హద్దు గోడ నడిమి వరకు అని ఉంది. మీ దాంట్లో ఏముందో దయచేసి చూడండి. ఆదివారం పొద్దున రెండు దస్తావేజులూ పక్కపక్కన పెట్టి, మేస్త్రి చేత మీ ముందరే, మా ముందరే కొలిపిద్దాము. అప్పటికీ తేలకపోతే మన వార్డు సచివాలయంలో ఇద్దరమూ కలిసి సర్వేకు అర్జీ పెడదాము. అంతవరకు గోడ కొట్టవద్దని కోరుతున్నాను. మీ మీద నాకు కోపం లేదు. మీ అక్క.'

కోడలు ఫోన్లో ఆ వైపు ఫొటో తీసి పెట్టుకుంది. నేను కాగితం మడిచి, వాళ్ళకు తిరిగి ఇవ్వాల్సిన తోడుగిన్నె మీద మూతలాగా పెట్టి, ఆయన భార్య చేతికి ఇచ్చి వచ్చాను.

కాసేపటికి గోడ అవతల నవ్వులు. మొదట ఆమెది, తరువాత ఆయనది. ఆయన కాగితం పట్టుకొని మా గడపలోకి వచ్చాడు.

"అక్కా, నీ ఉత్తరం సదివినాను. బాగుండాది. ఒక్క సందేహం. నేను చేలల్లో బస్సు నడిపింది నీకెవురు సెప్పినారు?"

నాలుక కరుచుకున్నాను. కాగితం ఆదా చూసుకున్నాను గానీ, ఆయన వెనకవైపు కూడా చదువుతాడని మరిచిపోయాను!

"అది కొట్టేసినాను కదప్పా. గీత కనపడలేదా?"

"కొట్టేసినా కనపడతాండాది. 'నీ టేపు మూతిలో మన్ను' అనేది ఇంకా బాగా కనపడతాండాది."

"నువ్వు మా మామకు కాళ్ళంటిచ్చినావు, నేను నీ టేపుకి మూతి పెట్టినాను. సరికి సరి."

ఆయన గడప మీద కూలబడి నవ్వాడు. భార్య వెనకాలే వచ్చి, "మా దస్తావేజులో కూడా నడిమి వరకనే ఉండాది వదినా. ఈయనకి కళ్ళద్దాలుంటే కదా" అంది. ఆయన జేబులోంచి దస్తావేజు తీశాడు. ఆ మాట అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఆదివారం మేస్త్రి గోడ ఈ చివర నడిమిలో ఒక మేకు, ఆ చివర నడిమిలో ఒక మేకు కొట్టి దారం లాగాడు. అక్కడి నుంచి కొలిస్తే రెండువైపులా ముప్పై అడుగులు వచ్చాయి. కొత్త గోడ తొమ్మిది అంగుళాలు చాలు, దారానికి అటు సగం, ఇటు సగం అన్నాడు. పాత గోడ మందంలో మిగిలింది చెరి నాలుగున్నర అంగుళాలు. ఇద్దరమూ పోయిందనుకున్న చోట ఇద్దరికీ వచ్చింది! ఇదంతా ఒక కాగితం మీద రాసి ఇద్దరమూ సంతకాలు చేశాం. పాత రాళ్ళు పునాదిలోకే పోయాయి, ఒక్క వెడల్పు బండ మాత్రం బట్టలుతకడానికి నేను ఉంచుకున్నాను.

సున్నపు గీత ఆయనే నీళ్ళు పోసి కడిగాడు.

"కడిగినా కనపడతాండాది తమ్ముడూ," అన్నాను.

"నీ దగ్గరే నేర్చుకున్నాను అక్కా," అన్నాడు.

నా ఉత్తరం తిరిగిమ్మని అడిగితే మాత్రం ఇవ్వలేదు. కోడలి స్కూటరు ఇప్పుడు హ్యాండిల్ రాసుకోకుండా పోతుంది.