సూపర్‌వైజర్ ఒంటి మీద మచ్చలు

మొగిలయ్య తన కుక్కకు సూపర్‌వైజర్ అని పేరు పెట్టుకున్నాడు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ సామాన్ల గోడౌన్ ఒకటుంది. దానికి అతను వాచ్‌మన్. గేటు పక్కన రేకుల గదిలోనే కాపురం. భార్య పోయి ఆరేళ్లు. పొద్దున గేటు తీయగానే ఈ కుక్క గోడౌన్ చుట్టూ ఒక రౌండు కొట్టి, లారీల టైర్లన్నీ వాసన చూసి, వచ్చి అతని కుర్చీ పక్కన కూర్చునేది. “అసలాయన గింత పని జెయ్యడు,” అనేవాడు మొగిలయ్య. అసలు సూపర్‌వైజర్ భూషణం దగ్గర్లో ఉంటే మాత్రం దాన్ని “ఏయ్” అని పిలిచేవాడు.

మొగిలయ్యది జనగామ దిక్కు. ఇదే గల్లీలో మూతపడిన రబ్బరు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు చేశాడు. చేరిన రోజు షిఫ్టు మధ్యలో లాక్కెళ్లి, మసి మొహంతోనే ఐడీ కార్డుకు ఫోటో తీశారట. ఆ ఫోటోలో దొంగలా పడ్డాడని ఆ ఇరవై రెండేళ్లూ అందరూ అతన్ని దొంగ మొగిలి అనే పిలిచారు. అప్పటినుంచి జేబులో దువ్వెన లేకుండా ఉండడు. తయారు కాకుండా ఫోటో దిగడు, ఎవర్నీ దిగనివ్వడు. ఆ దువ్వెన సంగతి నేను అప్పుడే పట్టించుకోవాల్సింది.

నేను ఆ గల్లీలోనే అద్దెకుంటాను. ఘట్‌కేసర్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు వదిలేశాను. ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక ఆఫీసులో నా పని కుక్కల చర్మం ఫోటోలు చూడటం. ఎవరెవరో యాప్‌లో పంపుతారు. మేం చూసి గజ్జి, అలర్జీ, ఫంగస్ అని మూడింట్లో ఒక బటన్ నొక్కాలి. వాటిని చూసి కంప్యూటర్ నేర్చుకుంటుందట. “చెప్పలేం” అని నాలుగో బటన్ కూడా ఉంది. వందకు ఐదుసార్లకంటే ఎక్కువ నొక్కితే టీమ్ లీడర్ రంజిత్ నా కుర్చీ వెనక వచ్చి నిలబడతాడు.

గుర్తులు నాకు నోటికొచ్చు. చెవి అంచులు, మోచేతులు పొక్కి విపరీతంగా గోక్కుంటే ఒక రకం గజ్జి. కళ్ల చుట్టూ, మూతి దగ్గర, ముందు కాళ్ల మీద వెంట్రుకలు ఊడి, మొదట్లో దురద పెద్దగా లేకపోతే ఇంకో రకం. గుండ్రంగా వెంట్రుకలు తెగిపోయి, అంచున పొట్టు లేస్తే ఫంగస్. పాదాలు నాకడం, పొట్ట, చంకలు ఎర్రబడటం అలర్జీ. ఇవి పుస్తకంలో గుర్తులు. పుండు పడి చీము పట్టాక మూడూ ఒకటే మొహం వేసుకుంటాయి. పైగా ఫోటో గోక్కోదు, వాసన రాదు. ఇదంతా తెలిసే రోజుకు ఎనిమిది వందల ఫోటోలకు బటన్ నొక్కేవాణ్ణి.

మొగిలయ్య నన్ను సగం డాక్టరు అనేవాడు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నా ఫోనుకు ఫోటో పంపాడు. సూపర్‌వైజర్ పొట్ట, ముందు కాలు. చర్మం ఎర్రగా, తడిగా మెరుస్తోంది. పొట్టు లేదు. మొహం ఫోటోలో లేదు. నేను ఆఫీసులో ఉన్నాను, తెర మీద ఇంకో కుక్క ఎదురుచూస్తోంది. “అలర్జీ మామా” అని రాసేశాను. ఒక్క మాట. దానికి పట్టిన టైము మూడు సెకన్లు.

ఆ మెసేజ్ పట్టుకుని అతను మూల మీది మెడికల్ షాపుకు పోయాడు. వాళ్లు స్టెరాయిడ్ గోళీలిచ్చారు. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గింది. మొగిలయ్య నాకు బిస్కెట్ల పొట్లం తెచ్చిచ్చి, దవాఖానాకు పోయే బాధ తప్పించావని గల్లీ అంతా చెప్పుకున్నాడు. నేను కాదనలేదు.

మూడు వారాలకు కుక్క తల, మెడ, కాళ్లు బోడి అయ్యాయి. చర్మం నల్లగా మందమెక్కి, పగుళ్లలోంచి చీము. రౌండ్లు మానేసి కుర్చీ కింద పడుకునేది. లోడింగ్ వాళ్లు తమకు అంటుతుందని గొడవ పెట్టారు. ఇరవయ్యో తారీఖున సరుకు కొనే పెద్ద పార్టీ గోడౌన్ చూడ్డానికి వస్తుందని, ఆ లోపు కుక్క బాగవ్వాలి లేదా ఉండొద్దని భూషణం తేల్చేశాడు. అప్పటికి చేతిలో ఎనిమిది రోజులున్నాయి.

పశువుల దవాఖానాకు ఆటోలో తీసుకుపోయాం. డాక్టర్ ప్రజ్ఞ మమ్మల్ని ఏమీ అడక్కముందే చర్మాన్ని వేళ్లతో గట్టిగా నొక్కి, నూనె ముంచిన బ్లేడుతో రక్తం చెమర్చేదాకా గీకింది. కొన్ని వెంట్రుకలు పీకి, ఫంగస్ పెరుగుతుందేమో చూడ్డానికి విడిగా పెట్టింది. దాని ఫలితం రావడానికి రెండు వారాలు పడుతుందట. గీకినదాన్ని గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసి, మమ్మల్నీ చూడమంది. పొడుగ్గా, చుట్ట ముక్కల్లాంటి పురుగులు. ముందు వైపు పొట్టి కాళ్లు. ఒకటీ రెండూ కాదు.

ఏ మందు వేశారని అడిగింది. మొగిలయ్య గోళీల అట్ట తీశాడు. ఆమె అట్ట చూసి నన్ను చూసింది.

“అలర్జీ అన్నదెవరు?”

నేను ఫోన్ తీసి ఫోటో చూపించాను. ఈ పురుగులు కుక్కల చర్మంలో కొద్దిగా ఉండేవేనని, ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గితే పెరుగుతాయని, ఈ గోళీలు ఆ శక్తినే అణిచేశాయని చెప్పింది. అలర్జీ అనే మాట పురుగు లేదు, ఫంగస్ లేదు అని తేలాక ఆఖరున అనాల్సిందట. తర్వాత ఫోటో పెద్దది చేసి, ఇంత మెరుపెందుకుందని అడిగింది.

“ఫోటో దింపుతున్న గదమ్మా. కొబ్బరినూనె రాసి, లేసిన పొట్టు మొత్తం తుడిసిన,” అన్నాడు మొగిలయ్య. “మొకం మీద కండ్ల సుట్టు అప్పటికే ఊడింది. అది మంచిగ కనబడ్తలేదని అటు దిప్పిన.”

డాక్టర్ ఫోన్ నాకు తిరిగిచ్చింది. “నాకు పంపినా ఆ ఫోటోతో నేను చెప్పలేకపోయేదాన్ని పెద్దాయనా. కాకపోతే నేను ఏ పేరూ చెప్పేదాన్ని కాదు,” అంది. రెండో మాట నాకోసం.

నెలకొక గోళీ, చీముకు వేరే మందు. మళ్లీ మళ్లీ గీకి చూసి, నెల తేడాతో రెండుసార్లు పురుగు కనబడకపోతేనే తగ్గినట్టు. ఈ గజ్జి మనుషులకు అంటదని మొగిలయ్య బతిమాలి చీటీ మీద రాయించుకున్నాడు. ఆ చీటీని మడత పడకుండా అట్టలో పెట్టి భూషణానికి ఇచ్చాడు.

భూషణం చీటీ వైపు చూడను కూడా చూడలేదు. “కాగితమెందుకయ్యా? నాకు కండ్లు లెవ్వా? సూస్తె తెలుస్తలేదా?”

నేను గొంతు పెంచాను. “నీ మాట ఇన్నందుకే గద గిట్లయింది,” అన్నాడు భూషణం.

ఇరవయ్యో తారీఖు పొద్దున్నే పూలదండలకు, సమోసాలకు మొగిలయ్యను ఉప్పల్ పంపారు. అతను తిరిగొచ్చేసరికి కుర్చీ కింద గోనెసంచి మాత్రమే ఉంది. ట్రాలీ ఆటోలో జవహర్‌నగర్ చెత్త డంపు దగ్గర వదిలొచ్చామని లోడింగ్ వాళ్లే చెప్పారు. మొదటి గోళీ మింగి అప్పటికి వారం. మొగిలయ్య గేటు తీసి, పార్టీ వాళ్లకు దండలు అందించాడట.

జవహర్‌నగర్‌లో అతనికి ఉప్పలమ్మ అని ఎరికైన మనిషి ఉంది. డంపులో ప్లాస్టిక్ ఏరుతుంది. అక్కడ కనబడ్డ బోడి కుక్కల ఫోటోలు ఆమె పంపడం మొదలుపెట్టింది. నిన్న ఆదివారం మొగిలయ్య తన ఫోను నా చేతికిచ్చాడు. ఒకే ఫోటోలో నాలుగు కుక్కలు, వెనక చెత్తగుట్ట. నాలుగూ బోడివే. నాలుగూ నల్లటి తోలే. సూపర్‌వైజర్‌ది గోధుమరంగు, ఎడమ చెవి తెలుపు. వెంట్రుకే లేకపోతే రంగెక్కడిది?

“మనోడు ఉన్నడా సూడు, డాక్టరు.”

అది ఎగతాళి అయితే బాగుండేది. నిజంగానే అడిగాడు. నేను పెద్దది చేసి, పక్కకు జరిపి, చాలాసేపు చూశాను.

“చెప్పలేను మామా.”

అతను తలూపి ఫోను తీసుకున్నాడు. “ఫోటోల ఏం దెలుస్తది. పోయి పిలవాలె,” అన్నాడు. అతను అలా వెతకబోవడం అది నాలుగో ఆదివారం. గోళీ డబ్బా, ఒక బ్రెడ్డు సంచిలో వేసుకుని, అలవాటుగా తల దువ్వుకుని బస్సు కోసం నడిచాడు. రెండో గోళీ తారీఖు దాటి అప్పటికే రెండు రోజులు.