మిగులు ఎవరి వాటా?

అమ్మమ్మ కళ్ళెర్రజేస్తే నది కూడా తల వంచుకుని వంతెన కిందనుంచి పోతుందని మనవడు కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ వంతెనను డిజైన్ చేసి రిటైరైన అమ్మమ్మ, రోడ్ల ఆఫీసు హాల్లో ప్రసంగం ముగించి, ప్రశ్నలుంటే అడగమంది.

లారీ ఓనర్ల సంఘం పెద్దాయన లేచాడు. “అమ్మా, వంతెన మామూలుగా వచ్చే బరువుకి దాదాపు రెట్టింపు మోయగలదన్నారుగా? ఆ మిగుల్లో మాకు కాస్త ఇవ్వండి. లారీకి పది టన్నులు ఎక్కువేసుకుంటాం.”

అనుమతి ఇవ్వాల్సిన ఇంజనీరు ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు.

“మిగులెక్కడిది బాబూ? కాంక్రీటు ఒకచోట నాసిగా పడొచ్చు. మా లెక్కే కాస్త తప్పొచ్చు. మాకు తెలియనివాటి కోసం దాచిందది. అయినా మీ లారీలు కాగితం మీదున్న బరువుతోనే వస్తున్నాయా?”

హాలు గొల్లుమంది. పెద్దాయనా నవ్వేశాడు. “పోనీ, ఇంకో ఇరుసు, నాలుగు చక్రాలు పెంచితే?”

అమ్మమ్మ ముఖం వెలిగింది. “మంచి ప్రశ్న! చక్రం కిందున్న వంతెన పలకకి తేలికవుతుంది. కానీ పలక నుంచి దూలాలకీ, వాటి కింది బేరింగు దిమ్మెలకీ, స్తంభాలకీ, పునాదికీ చేరేది మొత్తం బరువేగా? దారిలో ఏ ఒక్కటి చేతులెత్తేసినా అంతే సంగతులు. అన్నీ మళ్ళీ లెక్కకట్టకుండా నేను సరేననను.”

ఇంజనీరు అనుమతి ఆపేశాడు. పెద్దాయన మాత్రం తన లారీ ఇరుసుల కొలతలిస్తానంటూ ఆమె పక్కనే కూర్చున్నాడు.

వెనక వరుసలో మనవడు చెయ్యెత్తాడు. “అమ్మమ్మా, మరి నువ్వు చెప్పే మాటలకి ఎన్ని రెట్లు ఎక్కువ పెట్టుకుంటావు?”

“నీ అంత పెట్టుకోను. నది తల వంచుకోదురా, వరదొస్తే స్తంభాల్ని నెడుతుంది. కూర్చో.”