ఫిరంగి దొంగ అడుగులు

ఆయన అసలు పేరు టెన్నిస్ క్లబ్ రిజిస్టర్‌లో తప్ప ఇంకెక్కడా వినబడదు. అందరికీ ఫిరంగి. పాతికేళ్ల వయసులో ఆయన సర్వీస్ కొడితే ఎదుటివాడు రాకెట్ ఎత్తేలోపే బంతి వెనక కంచెకు తగిలేది. అందుకే క్లబ్ వాళ్లు ఉద్యోగమిచ్చారు. పనల్లా ఒకటే: ఆడేవాళ్లు ఎదుర్కోవడం నేర్చుకోవాలి కాబట్టి, రోజూ రెండు వందల సర్వీసులు కొట్టడం. ఇప్పుడు ఆయనకు యాభై ఒకటి. పేరు మాత్రం మిగిలింది, మందుగుండు అయిపోయింది. పొద్దున లేచి చొక్కా తొడుక్కోవాలంటే ఎడమచేయి వచ్చి కుడిచేతికి సాయం పట్టాలి.

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని మూడేళ్లుగా ఒక దొంగ పని చేస్తున్నాడు. కోర్టు చివరి గీత వెనక నిలబడాల్సినవాడు ఒక అడుగు లోపలికి వచ్చేవాడు. తర్వాత రెండు. ఎదుట ఉన్నవాళ్ల చూపు బంతి మీద ఉంటుంది గాని ఆయన బూట్ల మీద ఉండదు కదా!

కిందటి నెల క్లబ్‌లో ఆయన బంతులతోనే సాధన చేసే అమ్మాయి ఒక పోటీలో ఓడిపోయింది. అవతలి ఆటగత్తె సర్వీస్ గంటకు నూట ఎనభై కిలోమీటర్లు. "బంతి కనిపించింది బాబాయ్, చెయ్యే వెళ్లలేదు," అని బెంచీ మీద కూలబడి ఏడ్చింది. ఫిరంగికి ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ పిల్ల ఎందుకు ఓడిందో ఆయనకు తెలుసు.

పది రోజుల్లో మళ్లీ అదే ఆటగత్తెతో పోటీ. సెక్రటరీ వేగం కొలిచే గన్ను తెచ్చి కోర్టు పక్కన పెట్టాడు. నూట ఎనభై కొట్టలేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ రోజు ఫిరంగి బుద్ధిగా గీత వెనకే నిలబడి, ఉన్న బలమంతా కూడగట్టి కొట్టాడు. నూట ముప్పై ఆరు.

"పక్క నుంచి పెడితే తక్కువే చూపిస్తుంది. బంతి వెళ్లే దారికి సూటిగా పెట్టాలి," అన్నాడు ఫిరంగి. అది నిజమే. పక్కనే ఉన్న క్లబ్ కోచ్ గన్ను తీసి ఆయన వెనక పెట్టింది. మళ్లీ కొట్టాడు. నూట నలభై. సెక్రటరీ పెదవి విరిచి ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

ఫిరంగి చెమట తుడుచుకుంటూ కోచ్‌తో అన్నీ కక్కేశాడు. ఆమె చిన్నప్పుడు ఆయన సర్వీసుల మీదే ఆట నేర్చుకుంది. తిడుతుందనుకున్నాడు. ఆమె స్కోరు కాగితం తిరగేసి లెక్క వేసింది.

"కోర్టు పొడవు ఇరవై మూడు మీటర్ల డెబ్బై ఏడు. నూట ఎనభై అంటే సెకనుకు యాభై మీటర్లు. బంతి దాటడానికి అర సెకను కూడా పట్టదన్నా, సున్నా పాయింట్ నాలుగు ఏడు. గాలికీ, నేలకు తగిలినప్పుడూ వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకాస్త పడుతుందనుకో. అందులో పాయింట్ రెండు, చూసి తేల్చుకోడానికే పోతుంది. మిగిలిన కాస్తలో తిరగాలి, అడుగెయ్యాలి, కొట్టాలి. నీ నూట నలభైకి చివరి గీత నుంచి పాయింట్ ఆరు పైనే."

"రెండడుగులు ముందుకొచ్చేవాణ్ణి కదమ్మా."

"అదే తప్పు. దొంగతనం చేసేవాడివి సగం చేసి వదిలేశావ్. నువ్వు చివరి గీతకీ నెట్‌కీ మధ్యనున్న సర్వీస్ లైన్ దాకా రావాలి. అక్కణ్ణుంచి పద్దెనిమిది మీటర్ల చిల్లర. నీ నూట నలభైకి అదే పాయింట్ నాలుగు ఏడు."

ఫిరంగి వెళ్లి సర్వీస్ లైన్ మీద, పట్టపగలు, అందరూ చూస్తుండగా నిలబడ్డాడు. సిగ్గేసింది. కొట్టాడు. అమ్మాయి రాకెట్ గాలిలోనే ఉండిపోయింది.

"ఇదే బాబాయ్! అక్కడ ఇలాగే వచ్చింది!" అని అరిచింది.

ముప్పై ఎనిమిదో బంతికి రాకెట్ అంచు తగిలింది. నూరు దాటాక ఒకటి సూటిగా తిరిగొచ్చి ఆయన మోకాలి పక్కనుంచి దూసుకుపోయింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సెక్రటరీ గన్ను కేసి చూసి, "నూట నలభయ్యేగా?" అన్నాడు.

"అమ్మాయి మీదికి వచ్చేది అంకె కాదండీ, బంతి," అంది కోచ్. సెక్రటరీ గన్ను తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం భార్య వేడి నీళ్ల సంచి భుజానికి అదుముతూ, "ఉద్యోగం ఉన్నట్టేనా?" అని అడిగింది.

"ఉన్నట్టే. ఏడాదికి ఐదు కిలోమీటర్లు తగ్గుతున్నాను. అంటే ఏడాదికో అడుగు ముందుకు. ఇవాళ నిలబడ్డ గీత నుంచి నెట్ దాకా నా నడకకి తొమ్మిది అడుగులున్నాయి, కొలిచాను."

ఆమె సంచి తీసి రెండో వైపుకు తిప్పింది. "నెట్ దగ్గరకొచ్చాక?"

"అప్పటికి అరవై వస్తాయి," అన్నాడు ఫిరంగి కళ్లు మూసుకుని. "ఇవాళ మాత్రం ఆ పిల్ల నా బంతి కొట్టిందే. మోకాలి పక్కనుంచి పోయింది. నా చెయ్యే వెళ్లలేదు."